అకౌంట్ డిలీట్ అయ్యాక ఆవకాయ ప్రకటన: ప్రైవసీ టెస్టింగ్‌లో దేనికి ఏ పద్ధతి ఎంచుకోవాలి

గుంటూరు నుంచి పచ్చళ్లు, పిండివంటలు పంపే ఒక యాప్‌కి నేను కొంతకాలం టెస్టింగ్ చూశాను. మన ఊళ్లకే కాదు, జర్మనీలో ఉంటున్న తెలుగువాళ్లకి కూడా పార్సెళ్లు వెళ్లేవి. అక్కడి కస్టమర్ ఒకాయన అకౌంట్ డిలీట్ చేసుకున్నారు, యాప్ మాత్రం ఫోన్‌లోంచి తీసేయలేదు. 11 రోజుల తర్వాత ఆయనకి నోటిఫికేషన్ వెళ్లింది: "మీ ఆవకాయ జాడీ ఖాళీ అయిందా?"

మా రిపోర్టులో డిలీట్‌కి సంబంధించిన 14 టెస్ట్ కేసులూ పాస్. బటన్ ఉందా, ఓటీపీ అడిగిందా, మళ్లీ లాగిన్ కానివ్వకుండా ఆపిందా, ఇలాంటివే అన్నీ. అన్నీ స్క్రీన్ మీద జరిగేవే. నోటిఫికేషన్ ఏ ఫోన్‌కి వెళ్లాలో చెప్పే టోకెన్ ఉండిపోయింది మాత్రం ప్రచార సందేశాలు పంపే బయటి సర్వీసులో. అది ఎలా ఉండిపోయిందో చివర్లో చెబుతాను, ఎందుకంటే కారణం మేం మొదట అనుకున్నది కాదు.

ఆ తర్వాత మేం చాలా పద్ధతులు ప్రయత్నించాం. చేత్తో చూడటం, యాప్ ఫైల్‌ని స్కాన్ చేయడం, నెట్‌వర్క్ ట్రాఫిక్ పట్టుకోవడం, ఆటోమేషన్, అసలు సర్వర్ల మీద నకిలీ అకౌంట్ నడపడం. నాకు తేలింది ఒక్కటే. సమ్మతి, కస్టమర్ తన డేటా కాపీ తీసుకునే ఎక్స్‌పోర్ట్, డిలీట్ మూడూ ఒకే చట్టంలో పక్కపక్కనే కనిపిస్తాయి కానీ మూడూ తప్పేది మూడు వేర్వేరు చోట్ల. సమ్మతి ఫోన్‌లోనే, యాప్ తెరిచిన మొదటి కొన్ని సెకన్లలో తప్పుతుంది. ఎక్స్‌పోర్ట్ ఎవరో డేటాబేస్‌లో కొత్త కాలమ్ చేర్చిన రోజున తప్పుతుంది. డిలీట్ మన కంటికి ఆనని కాపీల్లో, వారాల తర్వాత తప్పుతుంది. మూడింటికీ ఒకే పద్ధతి పెట్టుకున్న టీమ్ కనీసం రెండింట్లో గుడ్డిగా ఉంటుంది.

## దేంతో కొలవాలి

టెస్ట్ రాయాలంటే ముందు "సరైన ఫలితం" ఏమిటో తెలియాలి. మా యాప్‌కి రెండు చట్టాలు చూసుకోవాల్సి వచ్చేది. జర్మనీ కస్టమర్ల వల్ల 2018 మే 25 నుంచి అమల్లో ఉన్న యూరప్ డేటా రక్షణ చట్టం జీడీపీఆర్. ఇక్కడి కస్టమర్ల వల్ల 2023 నాటి మన డేటా రక్షణ చట్టం డీపీడీపీ. దీని నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, కంపెనీల మీద ప్రధాన బాధ్యతలు 18 నెలల తర్వాత, అంటే 2027 మేలో అమల్లోకి వస్తాయి.

రెండూ ఒకటే అనుకుని ఒకే టెస్ట్ షీట్ పెట్టుకోవడం మామూలుగా జరిగే పొరపాటు. సమ్మతిని వెనక్కి తీసుకోవడం ఇచ్చినంత సులువుగా ఉండాలని రెండూ చెబుతాయి. తన డేటాను యంత్రం చదవగలిగే ఫార్మాట్‌లో తీసుకెళ్లే హక్కు మాత్రం జీడీపీఆర్‌లోనే ఉంది. మన చట్టం ఇచ్చేది డేటా సారాంశం, అది ఎవరెవరితో పంచుకున్నారన్న సమాచారం. మరోవైపు, నోటీసును ఇంగ్లీషులో గానీ రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని ఏ భాషలో గానీ చూసే వీలు ఉండాలన్నది మన చట్టం ప్రత్యేకత. తెలుగు ఆ జాబితాలో ఉంది.

వీటికి తోడు యాప్ స్టోర్ల నిబంధనలు. అకౌంట్ తెరిచే వీలున్న యాప్‌లో, యాప్ లోపలే దాన్ని డిలీట్ చేసే వీలుండాలని ఆపిల్ 2022 జూన్ 30 నుంచి పట్టుబడుతోంది. తాత్కాలికంగా ఆపివేసే బటన్ ఒక్కటే పెడితే సరిపోదు. గూగుల్ ప్లే ఇంకో అడుగు వేసి, యాప్ బయట వెబ్ లింకు కూడా అడుగుతుంది. యాప్ తీసేసిన మనిషి కూడా డిలీట్ కోరగలగాలి కదా. దీన్ని టెస్ట్ చేసేటప్పుడు ఫోన్‌లోంచి యాప్‌ని నిజంగా తీసేసి, బ్రౌజర్‌లో లింకు తెరిచి, చివరిదాకా వెళ్లి చూడండి. మా పేజీ ఓటీపీ దాకా బాగానే వచ్చి, అక్కడ "యాప్‌లో కొనసాగండి" అంది!

## సమ్మతి: మూడు దారులు

మొదటి దారి డేటాబేస్ చూడటం. కస్టమర్ "వద్దు" నొక్కాడు, పట్టికలో `analytics = false` అని పడింది, పాస్. ఇది జవాబును రాసుకున్నామని చెబుతుంది, పాటించామని చెప్పదు. అయినా ఈ టెస్ట్ మానేయకూడదు. సమ్మతి తీసుకున్నామని వివాదం వచ్చినప్పుడు రుజువు చేయాల్సిన భారం మన చట్టంలో కంపెనీదే. కాబట్టి ఆ వరుసలో సమయంతో పాటు నోటీసు ఏ వెర్షనో, ఏ భాషలో చూపించామో కూడా ఉందా అని చూడాలి. మా దాంట్లో భాష లేదు. తెలుగు నోటీసులో ఒక పేరా కింద తెగిపోయి కనిపించిన రెండు వారాల్లో ఎవరెవరు దాన్ని చూసి ఒప్పుకున్నారో చెప్పలేకపోయాం.

రెండో దారి యాప్ ఫైల్‌ని స్కాన్ చేయడం. ఎక్సోడస్ ప్రైవసీ లాంటి ఉచిత సాధనం ఏపీకేలో ఏయే ట్రాకర్ల కోడ్ ఉందో కొన్ని నిమిషాల్లో జాబితా ఇస్తుంది. కోడ్ ఉందని తెలుస్తుంది గానీ అది ఎప్పుడు నడిచిందో తెలియదు. ప్రతి రిలీజ్‌కీ ముందు ఒకసారి నడిపి, పోయినసారి జాబితాతో పోల్చుకోవడానికి బాగుంటుంది. మార్కెటింగ్ వాళ్లు అడిగారని ఎవరో నిశ్శబ్దంగా చేర్చిన ఎస్‌డీకే, అంటే బయటి కంపెనీ రాసిచ్చిన కోడ్, ఇక్కడే దొరికిపోతుంది.

మూడోది, నేను ఎంచుకోమనేది, ఫోన్ నుంచి బయటికి వెళ్లే ట్రాఫిక్‌ని పట్టుకోవడం. ఫోన్‌కీ ఇంటర్నెట్‌కీ మధ్య ఒక ప్రాక్సీ పెడతాం. `mitmproxy` ఉచితం, సరిపోతుంది. ఒక చిక్కు ముందే చెప్పాలి. ఆండ్రాయిడ్ 7 నుంచి, మనం ఫోన్‌లో పెట్టుకున్న సర్టిఫికెట్‌ను యాప్‌లు మామూలుగా నమ్మవు. అందుకని డెవలపర్ చేత డీబగ్ బిల్డ్‌లో ఈ ముక్క పెట్టించుకోవాలి:

```xml
<network-security-config>
  <debug-overrides>
    <trust-anchors>
      <certificates src="user" />
    </trust-anchors>
  </debug-overrides>
</network-security-config>
```

తర్వాత నాలుగు రికార్డింగులు తీస్తాం. మొదటిది, యాప్ కొత్తగా వేసి, తెరిచి, సమ్మతి స్క్రీన్ మీద ఏమీ ముట్టుకోకుండా ఒక నిమిషం వదిలేయడం. రెండోది, "వద్దు" నొక్కి రెండు వస్తువులు బుట్టలో వేయడం. మూడోది, "సరే" నొక్కి అదే పని చేయడం. నాలుగోది, "సరే" అన్నాక సెట్టింగ్స్‌లోకి వెళ్లి వెనక్కి తీసుకుని, యాప్ మూయకుండా అదే పని మళ్లీ చేయడం. ప్రతిదాన్నీ ఫైల్‌లో పెట్టుకుని, ఎవరెవరికి కబురు వెళ్లిందో వెతుకుతాం:

```
mitmdump -w untouched.flow
mitmdump -nr untouched.flow "~d app-measurement.com"
```

మూడో రికార్డింగ్ ఎందుకని జూనియర్లు అడుగుతుంటారు. "సరే" అన్నప్పుడు కూడా ఏమీ కనిపించకపోతే మన ప్రాక్సీ పని చేయట్లేదని అర్థం. అప్పుడు మొదటి రెండింటి శుభ్రతకి విలువ లేదు.

మాకు మొదటి రికార్డింగ్‌లోనే `app-measurement.com` కనిపించింది. ఎవరూ ఏమీ నొక్కకముందే గూగుల్ అనలిటిక్స్‌కి కబురు వెళ్లింది. డెవలపర్ ప్రమాణం చేసి చెప్పాడు, సమ్మతి వచ్చాకే తన కోడ్ నడుస్తుందని. అతను చెప్పింది నిజమే. ఆండ్రాయిడ్‌లో ఫైర్‌బేస్ తన `FirebaseInitProvider` ద్వారా యాప్ `onCreate` కన్నా ముందే తనంతట తాను లేస్తుంది. మన కోడ్ నిద్రలేచేసరికి అది ఒక రౌండ్ తిరిగొచ్చేసి ఉంటుంది. మానిఫెస్ట్‌లో ఈ వరుస పెట్టి, సమ్మతి వచ్చాక కోడ్‌లోంచి తెరిస్తే ఆగింది:

```xml
<meta-data
  android:name="firebase_analytics_collection_enabled"
  android:value="false" />
```

ఆ తర్వాత నాలుగో రికార్డింగ్‌లో ఇంకోటి బయటపడింది. వెనక్కి తీసుకున్నాక కూడా మరో ఎస్‌డీకే యాప్ మూసేదాకా పంపుతూనే ఉంది, ఎందుకంటే అది సెట్టింగ్‌ని యాప్ మొదలైనప్పుడు ఒక్కసారే చదువుతుంది. స్క్రీన్ మీద టోగుల్ చక్కగా బూడిద రంగులోకి మారింది. డేటాబేస్‌లో `false` పడింది. మొదటి దారిలో ఎన్నేళ్లు వెతికినా ఇది దొరకదు.

ఐదో రికార్డింగ్ తీసే ఓపిక ఉంటే, యాప్ తీసేసి మళ్లీ వేయండి. సమ్మతి స్క్రీన్ రాకపోతే పాత జవాబు ఆండ్రాయిడ్ ఆటో బ్యాకప్ నుంచి తిరిగొచ్చిందన్నమాట. ఐఫోన్‌లో ఇలాంటి పని కీచైన్ చేస్తుంది, యాప్ తీసేసినా అందులోవి మిగులుతాయి.

ట్రాఫిక్ పద్ధతికీ రెండు పరిమితులున్నాయి. మనం చూస్తున్నది డీబగ్ బిల్డ్, జనం వాడేది రిలీజ్ బిల్డ్. అందుకని రిలీజ్ బిల్డ్‌ని అదే వైఫై మీద పెట్టి డీఎన్ఎస్ లాగ్ చూడండి. లోపలి సమాచారం కనిపించదు గానీ ఎవరి తలుపు తట్టిందో తెలుస్తుంది, చాలాసార్లు అదే చాలు. రెండోది ఇంకా పెద్దది. ఆర్డరు పడ్డాక మన సర్వర్ నేరుగా ప్రకటనల కంపెనీకి కబురు పంపితే అది ఫోన్ దగ్గర కనిపించదు. స్టేజింగ్‌లో ఆ కంపెనీ చిరునామా స్థానంలో మన సొంత డమ్మీ సర్వర్ పెట్టి, "వద్దు" అన్న కస్టమర్ పేరు మీద ఎన్ని వచ్చాయో లెక్కపెట్టాలి. సున్నా రావాలి.

## ఎక్స్‌పోర్ట్: ఫైల్ చూడటం కన్నా జాబితా మేలు

ఇక్కడ ట్రాఫిక్ పట్టుకోవడం వల్ల ఏమీ ఒరగదు. చేత్తో ఫైల్ తెరిచి చూడటం మొదటి రోజు పనికొస్తుంది, ఆ తర్వాత కాదు. పాత ఫైల్‌తో కొత్త ఫైల్‌ని పోల్చే ఆటోమేషన్ పాతవి పోయాయా అని చెబుతుంది. రావాల్సిన కొత్తవి రాలేదని మాత్రం చెప్పలేదు. ఆర్నెల్ల కింద "గిఫ్ట్ సందేశం" అనే కాలమ్ చేర్చారు, ఎక్స్‌పోర్ట్ కోడ్ ఎవరూ ముట్టుకోలేదు, టెస్ట్ ఆర్నెల్లూ పాస్ అవుతూనే ఉంది.

మేం చివరికి డేటాబేస్ కాలమ్‌ల జాబితాని రిపాజిటరీలో ఒక ఫైల్‌గా పెట్టి, ప్రతి కాలమ్ పక్కన మూడు మాటల్లో ఒకటి రాశాం: `export`, `internal`, `not-personal`. బిల్డ్ నడిచిన ప్రతిసారీ ఈ ప్రశ్న వేసి ఫైల్‌తో పోలుస్తుంది:

```sql
SELECT table_name, column_name
FROM information_schema.columns
WHERE table_schema = 'public';
```

ఫైల్‌లో లేని కాలమ్ కనిపిస్తే బిల్డ్ ఫెయిల్. డెవలపర్ ఒక మాట రాయక తప్పదు. ఈ జాబితా తయారు చేయడానికి మాకు రెండు రోజులు పట్టింది, సగం సమయం "ఈ కాలమ్ ఎవరిదో" అడగడానికే పోయింది. మళ్లీ అదే ఫైల్ డిలీట్ టెస్టుకీ పనికొస్తుంది. నన్నడిగితే, మూడు అవసరాల్లో పెట్టిన ఖర్చుకి ఎక్కువ తిరిగిచ్చేది ఇదే.

జాబితా చెప్పలేనిది విలువలు సరిగ్గా వచ్చాయా అన్నది. దానికి ఒక టెస్ట్ కస్టమర్ చాలు, కానీ వాణ్ని జాగ్రత్తగా తయారు చేయాలి. ఆర్డర్ల పేజీ 50 చొప్పున వస్తుంటే అతనికి 103 ఆర్డర్లు పెట్టండి. మాకు ఎక్స్‌పోర్ట్‌లో మొదటి 50 మాత్రమే వచ్చాయి, ఎందుకంటే ఆ కోడ్ స్క్రీన్ వాడే ఏపీఐనే పిలిచి రెండో పేజీ అడగడం మరిచింది. 2 ఆర్డర్లున్న టెస్ట్ అకౌంట్‌తో ఇది ఎన్నటికీ బయటపడదు.

అతని పేరు తెలుగులో పెట్టండి, "రాజ్‌కుమార్" లాంటిది. జ్‌ తర్వాత కంటికి కనపడని అక్షరం ఒకటి ఉంటుంది. శుభ్రం చేస్తున్నామనుకుని ఎవరైనా దాన్ని తీసేస్తే పేరు "రాజ్కుమార్" అయి కూర్చుంటుంది. సీఎస్‌వీ ఫైల్‌ని ఎక్సెల్‌లో డబుల్ క్లిక్ చేసి కూడా చూడండి. ఫైల్ మొదట్లో బీఓఎం అనే ఎన్‌కోడింగ్ గుర్తు లేకపోతే తెలుగంతా పిచ్చి గీతలుగా రావచ్చు. ఫైల్ తప్పు కాదు, ఎక్సెల్ దాన్ని యూటీఎఫ్-8 అని గుర్తించలేదంతే. కానీ కస్టమర్‌కి ఆ తేడా ఎందుకు తెలియాలి? యంత్రానికి జేసన్, మనిషికి మామూలు వెబ్ పేజీ, రెండూ ఇవ్వడం మాకు కుదిరింది.

ఎక్కువ రావడం కూడా తప్పే. స్నేహితుణ్ని పరిచయం చేస్తే డిస్కౌంట్ అనే పథకం మా యాప్‌లో ఉండేది. ఎక్స్‌పోర్ట్‌లో ఆ స్నేహితుడి ఫోన్ నంబరు, అతని మొదటి ఆర్డరు తేదీ కూడా వచ్చేశాయి. ఒకరి హక్కు తీర్చబోయి ఇంకొకరిది చెడగొట్టాం. ఇద్దరు టెస్ట్ కస్టమర్లను ఇలా ముడివేసి, ఒకరి ఫైల్‌లో రెండోవారి నంబరు కోసం వెతకడం ఒక్క వరుస టెస్ట్. అలాగే డౌన్‌లోడ్ లింకుని రెండో కస్టమర్ లాగిన్‌లో అతికించి చూడండి. తెరుచుకుందంటే అది ప్రైవసీ సౌకర్యం కాదు, దొంగకి తెరిచిన దొడ్డిదారి.

## డిలీట్: గుర్తు వేసి వదిలిన కస్టమర్

డిలీట్‌కి ఉన్న దారులు మూడు. స్క్రీన్ మీద చూడటం సంగతి మొదట్లోనే చెప్పాను. రెండోది, ఇంటిగ్రేషన్ టెస్టులో డిలీట్ ఏపీఐని పిలిచి, యూజర్ల పట్టికలో వరుస పోయిందా అని చూడటం. ఇది వేగంగా నడుస్తుంది, రోజూ నడపొచ్చు, కానీ రాసినవాడికి గుర్తొచ్చిన పట్టికలనే చూస్తుంది. మరిచిపోయిన చోటే కదా డేటా మిగిలేది. మూడోది, ఎక్కడ వెతకాలో ముందే అనుకోకుండా, మనిషికే గుర్తు వేసి వదలడం.

ఎలాగంటే, ఇంకెక్కడా రాని ఒక పదం ఎంచుకుంటాం, ఉదాహరణకి `zqx7714`. టెస్ట్ కస్టమర్ పేరులో, ఈమెయిల్‌లో, ఇంటి చిరునామాలో, గిఫ్ట్ సందేశంలో, రివ్యూలో, సపోర్ట్ చాట్‌లో, ప్రొఫైల్ ఫొటో ఫైల్ పేరులో, అన్నిట్లోనూ అదే పదం. యాప్‌లో చేయగలిగిన ప్రతి పనీ ఒకసారి చేయిస్తాం. అప్పుడు డిలీట్ నొక్కి, అన్ని చోట్లా ఆ పదం కోసం వెతుకుతాం. ప్రధాన డేటాబేస్‌కి ఇంతే:

```
pg_dump --data-only shopdb | grep -c "zqx7714"
```

డిలీట్‌కి ముందు కూడా ఒకసారి వెతకాలి, అది మరిచిపోవద్దు. అప్పుడే ఎక్కడెక్కడికి చేరిందో పటం తయారవుతుంది. మా పటంలో, టీమ్‌లో ఎవరూ చెప్పని చోట్లు రెండు తేలాయి. ఒకటి కొరియర్ లేబుళ్ల ఫోల్డరు, రెండోది మార్కెటింగ్ వాళ్ల స్ప్రెడ్‌షీట్‌లోకి రాత్రిపూట వెళ్లే కాపీ.

మేం కస్టమర్లకి చెప్పిన గడువు 30 రోజులు. కాబట్టి గంట తర్వాత ఒకసారి, 31వ రోజున ఒకసారి వెతికాం. దొరికిన లెక్క ఇది:

| ఎక్కడ | గంట తర్వాత | 31వ రోజు | తీర్పు |
|---|---|---|---|
| ప్రధాన డేటాబేస్ | 9 | 2 | ఇన్‌వాయిస్‌లు, ఉంచాల్సినవే |
| సెర్చ్ ఇండెక్స్ | 3 | 1 | రివ్యూ రాసిన పేరు, తప్పు |
| ఫొటోల బకెట్ | 1 | 1 | పాత వెర్షన్, తప్పు |
| సపోర్ట్ టికెట్లు | 4 | 4 | ఎవరూ ముట్టుకోలేదు, తప్పు |
| నోటిఫికేషన్ సర్వీసు | 1 | 1 | ఫోన్ టోకెన్, తప్పు |

ఇన్‌వాయిస్‌ల దగ్గర కొందరు టెస్టర్లు తొందరపడి బగ్ రాస్తారు. జీఎస్టీ చట్టం ప్రకారం లెక్కల పత్రాలు ఆ ఏడాది వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు ఉంచాలి, కాబట్టి అవి పోతేనే తప్పు. డీపీడీపీ నియమాలు కూడా కొన్ని లాగ్‌లను కనీసం ఏడాది ఉంచమంటాయి. టెస్ట్ అడగాల్సింది "సున్నా వచ్చిందా" అని కాదు, "మిగిలిన ప్రతిదానికీ రాసిపెట్టిన కారణం ఉందా" అని. మా ఇన్‌వాయిస్‌లో డెలివరీ బాయ్‌కి చెప్పిన సూచన కూడా ముద్రపడేది: "పక్కింటి ఆంటీకి ఇవ్వండి". దానికి జీఎస్టీతో పనేముంది? ఇన్‌వాయిస్ ఉంచి ఆ వరుస తీయించాం.

ఫొటో సంగతి వేరు. అమెజాన్ ఎస్3 బకెట్‌లో వెర్షనింగ్ పెట్టి ఉంటే, డిలీట్ చేసినప్పుడు ఫైల్ పోదు, దాని మీద "డిలీట్ అయింది" అన్న చీటీ అతికిస్తుంది. మామూలుగా చూస్తే ఖాళీ. ఇలా చూస్తే కనిపిస్తుంది:

```
aws s3api list-object-versions --bucket shop-photos --prefix users/88412/
```

ఈ పద్ధతి పట్టలేనివి కూడా ఉన్నాయి. ఈమెయిల్‌ని హాష్ చేసి ప్రకటనల కంపెనీకి పంపితే మన పదం దాంట్లో కనిపించదు. అందుకని ముందే ఆ ఈమెయిల్ ఎస్‌హెచ్‌ఏ-256 విలువ లెక్కగట్టి, దాని కోసం కూడా వెతకాలి. ఎన్‌క్రిప్ట్ చేసిన కాలమ్‌లలో యూజర్ ఐడీతో వెతకడం తప్ప దారి లేదు.

బ్యాకప్‌లని విడిగా చూడాలి. నిన్నటి బ్యాకప్‌లోంచి ఒక్క మనిషిని తీయడం సాధారణంగా కుదరని పని, దాని గడువు తీరేదాకా ఆగడమే. అసలు ప్రమాదం, ఆ బ్యాకప్‌ని ఎప్పుడో అవసరపడి తిరిగి ఎక్కించినప్పుడు పోయినవాళ్లంతా లేచి రావడం. టెస్ట్ ఇలా ఉండాలి: డిలీట్‌కి ముందటి బ్యాకప్‌ని వేరే సర్వర్ మీద ఎక్కించి, డిలీట్ అయినవాళ్ల ఐడీల చిట్టా మళ్లీ నడిపించి, గుర్తు కోసం వెతకాలి. మా చిట్టా అదే డేటాబేస్‌లో ఉండేది. బ్యాకప్ ఎక్కించగానే చిట్టా కూడా పాతదైపోయింది! దాన్ని వేరే చోటికి మార్చాం.

చివరగా అదే ఫోన్ నంబరుతో మళ్లీ చేరండి. పాత చిరునామాలు, వాలెట్, పాత సమ్మతి, ఏదీ తిరిగి రాకూడదు. "మొదటి ఆర్డరు డిస్కౌంట్ మళ్లీ మళ్లీ వాడేస్తారు, నంబరు ఉంచుకోవాలి" అని వ్యాపారం వాళ్లు అడుగుతారు. అడగడంలో తప్పులేదు. ఎంతకాలం ఉంచుతామో రాసి, కస్టమర్‌కి డిలీట్ స్క్రీన్ మీదే చెప్పి, ఆ గడువు తర్వాత పోయిందా అని టెస్ట్ పెట్టాలి.

## గడియారం తిప్పడమా, ఆగడమా

31 రోజులు ఎవరు ఆగుతారు? స్టేజింగ్‌లో, గడువు తీరిన డేటాను తుడిచే ప్రక్షాళన జాబ్‌కి "ఈరోజు తేదీ" బయటి నుంచి ఇచ్చేలా రాయించుకుంటే ఐదు నిమిషాల్లో అయిపోతుంది. రోజువారీ ఆటోమేషన్‌కి అదే సరైన దారి. కానీ మన గడియారం మనం రాసిన కోడ్‌కే వినిపిస్తుంది. ఎస్3 లైఫ్‌సైకిల్ నియమం, బయటి హెల్ప్‌డెస్క్ వాడి గడువు, మార్కెటింగ్ స్ప్రెడ్‌షీట్ ఇవేవీ మన తేదీని పట్టించుకోవు. పై పట్టికలో డేటాబేస్ తప్ప మిగతా నాలుగూ గడియారం తిప్పితే దొరికేవి కావు.

అందుకని మేం అసలు ప్రొడక్షన్‌లో నెలకొక గుర్తు కస్టమర్‌ని చేరుస్తూ, పోయిన నెల వాణ్ని డిలీట్ చేస్తూ, దాని ముందటి నెల వాడి కోసం వెతికేవాళ్లం. ఎప్పుడూ ముగ్గురు గొలుసులో ఉంటారు. నెలకి మా శ్రమ మూడు గంటలు. ప్రొడక్షన్ డేటాలో వెతికే అధికారం టెస్టర్లకి ఇవ్వలేదు, ఇవ్వకూడదు కూడా. డేటాబేస్ చూసే ఆయన స్క్రిప్టు నడిపి అంకెలు మాత్రమే పంపేవారు. అమ్మకాల లెక్కల్లోంచి ఈ కస్టమర్లను తీసేయమని ముందే చెప్పండి. మేం చెప్పకపోతే ఒక నెల ఎవరో `zqx7714` గారికి నమ్మకమైన కస్టమర్ కూపన్ పంపారు.

ఇద్దరే టెస్టర్లున్న చిన్న టీమ్ అయితే అన్నీ ఒకేసారి ఎత్తుకోవద్దు. మొదటి వారం సమ్మతికి ఏమీ ముట్టుకోని ఆ ఒక్క నిమిషం రికార్డింగ్, రెండో వారం కాలమ్‌ల జాబితా, మూడో వారం స్టేజింగ్‌లో గుర్తు కస్టమర్. ప్రొడక్షన్ గొలుసు ఆ తర్వాత. ఇక్కడి కస్టమర్లే ఉంటే ఎక్స్‌పోర్ట్ ఫార్మాట్ మీద రోజులు పోగొట్టుకోకండి, సారాంశం సరిగ్గా వస్తే చాలు. ఆ సమయం డిలీట్‌కి పెట్టండి. యూరప్‌లో ఒక్క ఊరికి అమ్ముతున్నా మాత్రం పూర్తి ఎక్స్‌పోర్ట్ కావాలి. దానికి గడువు ఒక నెల, క్లిష్టమైన కోరికలకి ఇంకో రెండు నెలలు పొడిగించుకోవచ్చు.

ఇక ఆవకాయ నోటిఫికేషన్. బయటి సర్వీసుని డిలీట్ చేయమని మా కోడ్ అడగడం మరిచిందనుకున్నాం. మరవలేదు. జాబ్ ముందుగా మా యూజర్ల పట్టికలోంచి వరుస తీసేసేది, ఆ తర్వాత బయటి సర్వీసుకి పంపాల్సిన ఐడీ కోసం అదే వరుసని వెతికేది. వరుస లేదు కాబట్టి ఖాళీ ఐడీ పంపేది. అవతలివాళ్లు "అలాంటివాడు లేడు" అని 404 ఇచ్చేవాళ్లు. మా కోడ్ 404ని "ఇప్పటికే పోయాడు" అని తీసుకుని, విజయవంతం అని లాగ్‌లో రాసుకునేది. డిలీట్ చేసుకున్న ప్రతివాడి టోకెన్ అక్కడే ఉంది, ప్రతి లాగూ పచ్చగా ఉంది. పనుల క్రమం మార్చి, బయటివాళ్లందరూ "అయింది" అని 200 ఇచ్చాకే మా పట్టిక ముట్టుకునేలా చేశాం. 404 వస్తే జాబ్ ఆగి మనిషిని పిలుస్తుంది. పాత టోకెన్లు ఏరడానికి మాత్రం ఇంకో పది రోజులు పట్టింది, ఎందుకంటే ఎవరివో చెప్పే వరుసలు మేమే తుడిచేశాం.